యాత్ర ఫొటో కింద రెండు ముక్కలు



అమ్మానాన్నల్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని యాత్రకి వెళ్ళొస్తాం. ఫోను నిండా ఫొటోలుంటాయి. ఈ రోజు ఆ ఫొటోల గురించి కాదు, వాటి కింద రాసే రెండు ముక్కల గురించి మాట్లాడుకుందాం. ఒక వాక్యం, మహా అయితే మూడు చిన్న వాక్యాలు. అంతకన్నా అక్కర్లేదు.

సాధారణంగా ఏం రాస్తాం? "శ్రీశైలంలో అమ్మానాన్నలతో" అని రాస్తాం. "మరపురాని క్షణాలు" అని రాస్తాం. "ఓం నమశ్శివాయ" అని రాసి రెండు దణ్ణాలు పెడతాం. తప్పేమీ లేదు. కానీ పదేళ్ళ తర్వాత ఆ ఫొటో తీసి చూస్తే, ఆ మాటల వల్ల కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. గుడి గోపురం ఫొటోలోనే కనిపిస్తోంది. అమ్మానాన్నలు ఫొటోలోనే కనిపిస్తున్నారు. కనిపిస్తున్నదాన్నే మళ్ళీ రాశాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ఫొటోలో కనిపించేది రాయకండి. కనిపించనిది రాయండి.

మన ఇళ్ళలో ఊరగాయ జాడీలకి చీటీలు అంటిస్తాం కదా. ఆ చీటీ మీద "జాడీ" అని ఎవరూ రాయరు. అది జాడీ అని చూస్తేనే తెలుస్తుంది. లోపల ఉన్నదేదో రాస్తాం. మాగాయ, ఫలానా ఏడాదిది అని రాస్తాం. ఫొటో కింద మాట కూడా అలాంటి చీటీయే.

మరి ఫొటోలో కనిపించనివి ఏమిటి? ఎప్పుడు అన్నది కనిపించదు. సరిగ్గా ఏ చోటు అన్నది చాలాసార్లు కనిపించదు. అక్కడ ఎవరేమన్నారో అసలే కనిపించదు. రావాలనుకుని రాలేకపోయినవాళ్ళు కనిపించరు. ఫొటోకి ఒక నిమిషం ముందు జరిగింది, తర్వాత జరిగింది కనిపించదు. రాయవలసినవి ఇవే. అన్నీ ఒక్క ఫొటో కిందే రాయక్కర్లేదు. చోటు, కాలం, ఒక్క సంగతి. అంతవరకే.

మేం వెళ్ళొచ్చిన ఒక యాత్ర చెప్తాను. 2024 డిసెంబరులో శ్రీశైలం వెళ్ళాం. మా అమ్మ, నాన్న, మా ఇద్దరు పిల్లలు, మేమిద్దరం. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలు దిగి, దోర్నాల మీదుగా నల్లమల ఎక్కాం. ఆ దారిన వెళ్ళేవాళ్ళకి ముందుగా శిఖరం వస్తుంది. ఆ తర్వాత హఠకేశ్వరం, దానికి దగ్గర్లోనే పాలధార పంచధార. ఇంకొంచెం ముందుకెళ్తే సాక్షి గణపతి. ఆ తర్వాతే మల్లన్న గుడి. ఇదే వరసలో నాలుగైదు ఫొటోలు చూద్దాం.

శిఖరేశ్వరం దగ్గర ఏం చేస్తారో మీలో చాలామందికి తెలుసు. పైన ఒక చిన్న నంది ఉంటుంది. దాని ముందు నువ్వులు పోసి, నందిని తిప్పుతూ, కొమ్ముల మధ్య నుంచి దూరాన ఉన్న మల్లన్న గుడి శిఖరాన్ని చూస్తారు. ఆ శిఖరం కనిపిస్తే మళ్ళీ జన్మ ఉండదని నమ్మకం. మా అమ్మ వంగి చూస్తుంటే నా భార్య ఫొటో తీసింది. అమ్మ ముఖం, రెండు కొమ్ములు, పక్కన మా అబ్బాయి చెయ్యి. చక్కటి ఫొటో.

దాని కింద మొదట "శిఖరం దగ్గర నాయనమ్మ" అని రాసుకున్నాం. చోటు ఉంది, మనిషి ఉంది. కానీ అసలు సంగతి లేదు. ఆ పొద్దున కొండ మీద మంచు దట్టంగా ఉంది. అమ్మకి శిఖరం కనపడలేదు. మా అబ్బాయి ముందు చూశాడు, వాడికి లీలగా కనిపించిందట. "అదిగో నాయనమ్మా, అటు చూడు" అని వేలు పెట్టి చూపిస్తున్నాడు. అమ్మ కాసేపు చూసి లేచింది. "నువ్వు చూశావుగా నాయనా, నాకు చాల్లే" అంది.

ఇప్పుడు ఫొటో కింద ఉన్న మాట ఇది. మెల్లగా చదువుతాను. "శిఖరం, 2024 డిసెంబరు. మంచులో నాయనమ్మకి గుడి కనపడలేదు. 'నువ్వు చూశావుగా, నాకు చాల్లే' అంది."

గమనించండి. ఇందులో ఒక్క పొగడ్త మాట లేదు. ప్రేమ అని లేదు, భక్తి అని లేదు. ఆమె అన్న మాటని అన్నట్టు రాశాం, అంతే. పెద్దవాళ్ళ మాటని మనం దిద్దకూడదు. "చాల్లే" అంటే "చాల్లే" అనే రాయాలి. "నాకు ఎంతో తృప్తిగా ఉంది" అని మార్చి రాస్తే, అది ఇక అమ్మ మాట కాదు. ఆమె గొంతు అందులో వినపడదు.

తర్వాతి ఫొటో పాలధార పంచధార. అక్కడ రోడ్డు మీద నుంచి లోయలోకి చాలా మెట్లు దిగాలి. కింద కొండ రాళ్ళ లోంచి నీటి ధారలు వస్తాయి. ఆదిశంకరులు తపస్సు చేసిన చోటని చెప్తారు. మా నాన్నకి మోకాళ్ళ నొప్పి. ఆయన పైనే కూర్చుని, పిల్లల్ని మాత్రం దిగి రమ్మన్నారు. ఫొటోలో పిల్లలిద్దరూ ధార కింద చేతులు పెట్టి నవ్వుతున్నారు. నాన్న ఫొటోలో లేరు.

మా అమ్మాయి ఆ రాత్రి గదిలో కూర్చుని ఒక వాక్యం రాసింది. "మోకాళ్ళ నొప్పి వల్ల తాతయ్య మెట్లు దిగలేకపోయారు" అని. అబద్ధం కాదు. నాన్న చదివారు. ఏమీ అనలేదు. ఫోను పక్కన పెట్టేశారు. ఆ వాక్యం ఆయనకి నచ్చలేదని అందరికీ అర్థమైంది. ఎవరికి నచ్చుతుంది చెప్పండి? యాత్ర మొత్తంలో తన గురించి రాసిన ఒకే ఒక్క ముక్క, తను చెయ్యలేకపోయినదాని గురించి.

అప్పుడు పాపని అడిగాం. మీరు దిగేటప్పుడు తాతయ్య ఏం చేశారు అని. "మెట్లు లెక్కపెట్టి రమ్మన్నారు" అంది. మీరు లెక్కపెట్టారా అంటే, పెట్టాం కానీ నాది ఒకటి వచ్చింది, అన్నది ఇంకొకటి వచ్చింది అంది. అంతే, వాక్యం దొరికింది. "పాలధార పంచధార. తాతయ్య మెట్లు లెక్కపెట్టి రమ్మన్నారు. ఇద్దరి లెక్కా కలవలేదు." ఇది విని నాన్న, "రేపు పోతూ పోతూ మళ్ళీ దిగి లెక్కపెట్టండి" అన్నారు.

ఇది బాగా గుర్తు పెట్టుకోండి. పెద్దవాళ్ళు చెయ్యలేకపోయింది రాయకండి. చేసింది రాయండి. నడవలేకపోయిన మనిషి కూర్చున్న చోట నుంచే ఏదో ఒకటి చేసి ఉంటారు. పిల్లల చెప్పులు కాసి ఉంటారు. పక్కన కూర్చున్నాయన్ని మీదే ఊరని అడిగి ఉంటారు. పిల్లలు పైకి వస్తుంటే పేరు పెట్టి పిలిచి ఉంటారు. అడిగితే తెలుస్తుంది. రాసిన మాట వాళ్ళకి ఒకసారి చదివి వినిపించి, సరే అన్నాకే పదిమందికీ పంపండి.

ఆ తర్వాత సాక్షి గణపతి. శ్రీశైలం వచ్చిన ప్రతివాళ్ళూ అక్కడ ఆగుతారు. మనం వచ్చామని శివుడి దగ్గర సాక్ష్యం చెప్పేది ఆయనే అంటారు. విగ్రహంలో కూడా ఒక చేతిలో కలం, ఒక చేతిలో పుస్తకం ఉంటాయి. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటాడని నమ్మకం. అందుకని చాలామంది అక్కడ నిలబడి పేరు, గోత్రం చెప్పుకుంటారు.

మా ఫొటో గుడి బయట తీసింది. నాన్న మెట్టు మీద నిలబడి చెప్పులు వేసుకుంటున్నారు. చూడ్డానికి ఏ విశేషమూ లేని ఫొటో. తీసేద్దాం అనుకున్నాం. అప్పుడు అమ్మ చెప్పింది. లోపల ఆయన ఇంట్లో అందరి పేర్లూ చెప్పారట. కాలు విరిగి మంచాన ఉన్న మా అక్క పేరు కూడా చెప్పారట. దాంతో ఆ ఫొటోని ఉంచాం. దాని కింద ఇలా ఉంది. "సాక్షి గణపతి గుడి బయట. లోపల తాతయ్య అందరి పేర్లూ చెప్పారు, రాలేకపోయిన అత్త పేరుతో సహా."

ఈ వాక్యం మా అక్కకి పంపితే వెంటనే ఫోన్ చేసింది. ఫొటోలో ఆమె లేదు. కానీ కింద మాటలో ఉంది. మళ్ళీ చెప్తున్నాను. ఫొటోలో కనిపించేది కాదు, కనిపించనిది రాయండి.

ఇక గుడి. గుడి లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు. ముందే దాచుకునే చోట ఇచ్చి వెళ్ళాలి. యాత్రకి వెళ్ళిందే ఆ దర్శనం కోసం. దానికి మాత్రం ఫొటో ఉండదు. శ్రీశైలంలోనే కాదు, మన పెద్ద గుళ్ళు చాలావాటిలో ఇంతే. అందుకే చాలామంది ఆల్బమ్‌లలో దారి ఉంటుంది, గది ఉంటుంది, టిఫిను ఉంటుంది, దర్శనం మాత్రం ఉండదు.

దీనికి ఉపాయం ఏమిటంటే, బయటికి వచ్చి ఫోను చేతికి రాగానే ఒక ఫొటో తీయండి. నుదుటి మీద విభూతి కావచ్చు, ప్రసాదం సంచి కావచ్చు. లోపల జరిగినది ఆ ఫొటో కింద రాయండి. మాకు స్పర్శ దర్శనం దొరికింది. అంటే లింగాన్ని మన చేత్తో తాకి మొక్కుకోవచ్చు. బయటికి రాగానే మా పాప అరచెయ్యి చూపించింది. ఆ అరచేతినే ఫొటో తీశాం. కింద పాప మాట ఉంది. "మల్లన్నని తాకి వచ్చిన చెయ్యి. 'చల్లగా ఉన్నాడు' అంది పాప."

పిల్లల మాట అంటే ఇదే. "దైవ స్పర్శతో పులకించిన చిన్నారి" అని పెద్దవాళ్ళం రాస్తాం. పాపకి పులకింత తెలియదు. చల్లదనం తెలిసింది. అదే రాయాలి. పిల్లల్ని అడిగేటప్పుడు "ఎలా అనిపించింది" అని అడక్కండి. "బాగుంది" అంటారు, అక్కడితో అయిపోతుంది. "ఏం చూశావు, ఏం తాకావు, ఏం విన్నావు" అని అడగండి. అప్పుడు మాట వస్తుంది.

చివరగా పాతాళగంగ దగ్గర అందరం కలిసి తీసుకున్న ఫొటో. రోప్‌వే దిగాక తీసింది. ఇలాంటి గుంపు ఫొటోకి పద్ధతి వేరు. ఇక్కడ ముచ్చట రాయకపోయినా పరవాలేదు, పేర్లు రాయాలి. ఎడమ నుంచి కుడికి, వరసగా. ఎందుకంటే "నాయనమ్మ, తాతయ్య" అని రాస్తే ఈ రోజు మాకు తెలుసు. రేపు మా పాప పిల్లలు చూస్తే ఎవరి నాయనమ్మ అనుకోవాలి? వాళ్ళకి నాయనమ్మ అంటే వేరే మనిషి. మిగతా ఫొటోల్లో వరసలే రాసుకోండి, ఇంట్లో పిలుచుకునే మాట అదే కాబట్టి. కానీ ఆల్బమ్‌లో ఒక్కచోటన్నా ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఏ ఊరు, ఎవరికి ఏమవుతారు అన్నది ఉండాలి. అందరూ ఉన్న ఫొటో అయితే అందుకు సరిగ్గా సరిపోతుంది.

ఏడాది కూడా అంకెల్లో రాయండి. మా నాన్న "క్రోధి మార్గశిరం అని రాయండి" అన్నారు. రాశాం. కానీ పక్కన 2024 అని కూడా రాశాం. క్రోధి అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1964లో కూడా క్రోధే వచ్చింది. ఒక్క సంవత్సరం పేరే ఉంటే మన మనవలకి ఏ క్రోధో తెలియదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్తాను. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి, శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఆ సంగతి మనకి మెట్లు చూస్తే తెలియలేదు.  శాసనాల్లో రాసి ఉంది కాబట్టి తెలిసింది. శాసనాల్లో రాజుల మీద పొగడ్తలు బోలెడుంటాయి. చరిత్రకారులకి పనికొచ్చినవి మాత్రం ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు అన్న నాలుగు ముక్కలే. మన ఫొటోకీ అవే పనికొస్తాయి.

ఇప్పుడు, ఎప్పుడు రాయాలి అన్నది చూద్దాం. ఇంటికి వచ్చాక తీరిగ్గా రాద్దాం అనుకోకండి. ఇంటికొచ్చాక బట్టలు ఉతుక్కోవాలి, ప్రసాదాలు పంచాలి, పిల్లలకి బడి. నెల దాటితే ఎవరేమన్నారో ఎవరికీ గుర్తుండదు. ఏ రోజు సంగతి ఆ రాత్రే రాయాలి. సత్రం గదిలో భోజనాలయ్యాక పావుగంట చాలు. ఆ రోజు తీసినవాటిలో నాలుగైదు ఫొటోలు ఎంచుకోండి. అన్నిటికీ రాయబోతే ఒక్కదానికీ సరిగ్గా కుదరదు. ఫోను అమ్మానాన్నల చేతికివ్వండి. "ఇక్కడ ఏమైంది?" అని అడగండి. వాళ్ళు చెప్తుంటే పిల్లల చేత రాయించండి. తెలుగులో టైపు చెయ్యడం కష్టమైతే కీబోర్డు మీద మైకు బొమ్మ నొక్కి చెప్పండి, అదే రాస్తుంది. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు మాత్రం ఒకసారి సరిచూసుకోండి. అక్కడే ఎక్కువగా తప్పులొస్తాయి.

రాసింది పైకి చదవండి. ఊపిరి ఆపకుండా చదవగలిగితే నిడివి సరిపోయినట్టు. మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తే ఒక ముక్క ఎక్కువైందని అర్థం. ఏది తీసేయాలి? ముందు విశేషణాలు తీసేయండి. దివ్యమైన, అద్భుతమైన, మరపురాని, ఇలాంటివి తీసేసినా సంగతి ఎక్కడికీ పోదు.

ఎక్కడ రాయాలి అన్నది కూడా ముఖ్యమే. వాట్సాప్‌లో ఫొటో కింద రాసిన మాట ఆ చాట్‌లోనే ఉంటుంది. అవతలివాళ్ళు ఫొటోని దాచుకుంటే ఫొటో ఒక్కటే వస్తుంది, మాట రాదు. ఫొటో ఎప్పుడు తీశామన్న తేదీ కూడా అలా పంపిన ఫొటోలో మామూలుగా మిగలదు. గూగుల్ ఫొటోస్‌లో ఫొటో తెరిచి పైకి జరిపితే మాట రాసే చోటు ఉంటుంది. అక్కడ రాసుకుంటే వెతుక్కోవడానికి బాగుంటుంది. కానీ అదీ ఆ యాప్‌లోని మాటే. అందుకని ఎంచుకున్న పది పన్నెండు ఫొటోలని ప్రింటు వేయించి ఆల్బమ్‌లో పెట్టండి. ప్రింటు వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాయకండి. ముందువైపు గీతలు ఉబ్బుతాయి, నున్నటి కాగితం మీద సిరా ఆరక పక్క ఫొటోకి అంటుకుంటుంది. చిన్న కాగితం ముక్క మీద రాసి ఫొటో కింద పెట్టండి. అమ్మ చదవగలిగేటంత పెద్ద అక్షరాలతో రాయండి.

మరి పాత యాత్రల సంగతేమిటి? వాటి ఫొటోల కింద ఏమీ ఉండదు. ఇప్పుడైనా రాయొచ్చు. ఫొటో అమ్మకి విడిగా, నాన్నకి విడిగా చూపించండి. ఇద్దరినీ కలిపి అడిగితే ఒకరు చెప్తారు, ఇంకొకరు తలూపుతారు. విడివిడిగా అడిగితే రెండు సంగతులు వస్తాయి. అవి కలవకపోతే ఎవరిది నిజమని తేల్చనక్కర్లేదు. "అమ్మ చెప్పినది", "నాన్న చెప్పినది" అని రెండూ రాయండి. ఏడాది సరిగ్గా తెలియకపోతే ఊహించి రాయకండి. "పెద్దాడి పుట్టువెంట్రుకలు తీయించిన ఏడాది" అని రాయండి. అది రుజువున్న మాట. ఊహించి రాసిన అంకె, తర్వాతివాళ్ళకి నిజమైపోతుంది.

మరొక్కసారి చెప్పి ముగిస్తాను. ఫొటోలో కనిపించేది రాయకండి, కనిపించనిది రాయండి. పెద్దవాళ్ళు చెయ్యలేనిది రాయకండి, చేసింది రాయండి. ఎవరి మాట వాళ్ళ మాటగానే ఉంచండి. ఏ రోజుది ఆ రాత్రే రాయండి.

ఇవాళ రాత్రి భోజనాలయ్యాక, కిందటి యాత్ర ఫొటోల్లోంచి ఒక్కటి తీసి మీ అమ్మగారి చేతికో నాన్నగారి చేతికో ఇవ్వండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి. "ఇక్కడ ఏమైంది?" అని అడగండి. వాళ్ళు చెప్పిన మొదటి వాక్యాన్ని చెప్పింది చెప్పినట్టు రాసెయ్యండి.